పాత మాస్టారిని సిఫారసు లేఖ అడిగేటప్పుడు ఏమేం గుర్తు చేయాలి

ప్రశ్న: నేను విశాఖపట్నంలో బీటెక్ సివిల్ 2022లో పూర్తిచేసి, గాజువాక దగ్గర ఒక నిర్మాణ సంస్థలో పనిచేస్తున్నాను. అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు పెడుతున్నాను, గడువు డిసెంబరు 15. ప్రాజెక్టు గైడ్‌గా ఉన్న మాస్టారిని సిఫారసు లేఖ అడగాలి. చదువు అయ్యాక ఆయనతో మాట్లాడింది లేదు, నేను గుర్తున్నానో లేదో తెలియదు. నేను సాధించినవన్నీ రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందేమో, రాయకపోతే ఆయన ఏం రాస్తారు? ఉత్తరం తెలుగులో రాయవచ్చా?

సమాధానం:

నేను విశాఖలోనే ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్ళు సివిల్ విభాగంలో పాఠాలు చెప్పాను. ఏటా సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా సిఫారసు లేఖలు రాయడం నా పనిలో ఒక భాగంగా ఉండేది, పదవీ విరమణ తరువాత కూడా పాత విద్యార్థులు అడుగుతూనే ఉన్నారు. అందువల్ల మీ ఉత్తరం అందుకునే మాస్టారి వైపు నుంచి ఈ విషయం చెబుతాను.

మీ సందేహంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మీరు సాధించినవి ఒకటి, మీరు చేస్తుండగా మాస్టారు కళ్ళారా చూసినవి మరొకటి. మొదటివి మీ రెజ్యూమెలో ఉంటాయి, వాటిని విశ్వవిద్యాలయం వారు అక్కడే చదువుకుంటారు. మాస్టారు సాక్ష్యం చెప్పగలిగేది రెండో రకానికి మాత్రమే. మీ ఉత్తరంలో గుర్తు చేయవలసినవి కూడా అవే. ఆయన చూసినదాన్ని ఆయనకే మళ్ళీ చెప్పడం గొప్పలు చెప్పుకోవడం కిందికి రాదు, ఆయన పని సులువు చేయడం కిందికి వస్తుంది.

మాస్టారి ముందు ఏముంటుందో మీకు తెలిస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. మీరు దరఖాస్తులో ఆయన ఈమెయిల్ ఇవ్వగానే ఆయనకు ఒక లింకు వస్తుంది. అది తెరిస్తే, ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, ఎవరితో పోల్చి చెబుతున్నారు అన్న ప్రశ్నలు ఉంటాయి. తరువాత చాలా ఫారాల్లో ఒక పట్టిక వస్తుంది. సొంతంగా ఆలోచించే శక్తి, రాత, మాట, పట్టుదల, ఇతరులతో కలిసి పనిచేసే తీరు, ఇలా ఒక్కొక్క గుణానికి ఎదురుగా మొదటి 5 శాతంలోనా, 10 శాతంలోనా, 25 శాతంలోనా అని గడులు ఉంటాయి, గమనించే అవకాశం రాలేదు అని మరో గడి కూడా ఉంటుంది. చివరగా ఒకటి రెండు పేజీల లేఖను జత చేయాలి. ఒక గుణానికి మొదటి 5 శాతం అని గుర్తు పెట్టినవాడు లేఖలో దానికి ఒక్క సంఘటనైనా చూపకపోతే ఆ గుర్తుకు విలువ ఉండదు. గుర్తురాని విద్యార్థి విషయంలో నిజాయితీ గల మాస్టారు ఎక్కువసార్లు ఆ చివరి గడినే నొక్కవలసి వస్తుంది.

ఆయన జ్ఞాపకం మీద ఎంత బరువు పెట్టవచ్చో కూడా చూడండి. సెక్షనుకు అరవై మంది చొప్పున ఏడాదికి రెండు మూడు సెక్షన్లకు పాఠం చెప్పినవారికి మూడేళ్ళలో నాలుగు వందల ముఖాలు దాటిపోతాయి. మీ బ్యాచ్‌కు ఇంకొక ఇబ్బంది ఉంది. కోవిడ్ కారణంగా మీ మూడో సంవత్సరంలో ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే గడిచి ఉంటుంది. ఆ ఏడాది మీరు మాస్టారికి తెరమీద కనిపించిన ఒక పేరు మాత్రమే. కాబట్టి ఆయన మిమ్మల్ని మనిషిగా ఎరిగింది దాదాపుగా ప్రాజెక్టు నెలల్లోనే అనుకుని, ఉత్తరం బరువంతా అక్కడ పెట్టండి.

ఇప్పుడు ఒక విద్యార్థిని సంగతి చెబుతాను. ఆమె 2017లో చదువు ముగించి, సముద్రం ఒడ్డున కట్టిన కట్టడాలకు మరమ్మతులు చేసే ఒక గుత్తేదారు దగ్గర రెండేళ్ళు పనిచేసి, 2019 అక్టోబరులో నాకు మొదటి మెయిల్ పంపింది. అందులో ఉన్నదంతా దాదాపు ఇంతే: తాను నా విద్యార్థిని అని, మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలినయ్యానని, ఆరు వర్క్‌షాపులకు హాజరయ్యానని, ఎన్ఎస్ఎస్‌లో పనిచేశానని, వ్యాసరచనలో బహుమతి వచ్చిందని, కష్టపడే స్వభావం, నాయకత్వ లక్షణాలు ఉన్నాయని, దయచేసి ఒక మంచి ఎల్ఓఆర్ ఇవ్వమని. రిజిస్టరు నంబరు లేదు, ఏ సంవత్సరంలో ఏ పాఠం చెప్పానో లేదు, ఎక్కడికి దరఖాస్తు పెడుతోందో లేదు. ఆమె రాసినవన్నీ నిజాలే. కానీ వాటిలో నేను చూసినది ఒక్కటీ లేదు. ఆ మెయిల్ ఆధారంగా నేను రాయగలిగిన లేఖ, ఆ ఏడాది అడిగిన ఏ విద్యార్థి పేరు పెట్టినా సరిపోయేదే.

ఒకసారి వచ్చి కలవమని జవాబిచ్చాను. శనివారం సాయంత్రం ప్రాజెక్టు నోటు పుస్తకం పట్టుకుని వచ్చింది. దాన్ని తిరగేస్తుంటే, ఒక పేజీ మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. ఆ మచ్చలు చూడగానే నాకు ఆ అమ్మాయి వేళ్ళు గుర్తొచ్చాయి. 2017 మార్చిలో ఒక వారం పాటు ఆమె కుడిచేతి వేళ్ళు నల్లగా మారి ఉండేవి. సిల్వర్ నైట్రేట్ ద్రావణం చర్మం మీద పడితే అలాగే అవుతుంది, ఎంత కడిగినా రోజుల తరబడి పోదు. చేతి తొడుగులు వేసుకోవాలని నేను మందలించడం, అవి చిరిగిపోయాయని ఆమె చెప్పడం కూడా గుర్తొచ్చాయి. పేరు చూసినప్పుడు కలగని జ్ఞాపకం ఆ మచ్చల వల్ల కలిగింది.

వాళ్ళ ప్రాజెక్టు ఇది. ఉక్కు కర్మాగారాల్లో వచ్చే స్లాగ్‌ను మెత్తగా పొడిచేసి సిమెంటులో కొంత భాగం బదులు కలిపితే, సముద్రపు ఉప్పు కాంక్రీటులోకి ఎంత లోతు దిగుతుందో చూడాలి. మామూలు సిమెంటుతో తొమ్మిది, స్లాగ్ కలిపి తొమ్మిది, మొత్తం పద్దెనిమిది సిలిండర్లు పోశారు. 28 రోజులు నీటి తొట్టిలో ఉంచి, తరువాత 56 రోజులు సముద్రపు నీటిలో తడుపుతూ, ఆరబెడుతూ వచ్చారు. ఆ నీరు బీచ్ నుంచి క్యాన్లతో మోసుకొచ్చినదే. ఆఖరున సిలిండర్‌ను నిలువుగా పగలగొట్టి, ఆ ముఖం మీద 0.1 నార్మల్ సిల్వర్ నైట్రేట్ చల్లితే, ఉప్పు చేరిన మేర తెల్లగా, చేరని మేర గోధుమరంగుగా తేలుతుంది. అంచు నుంచి ఆ గీత దాకా స్కేలుతో కొలవాలి.

స్లాగ్ కలిపిన సిలిండర్లలో ఒకటి మాత్రం 19 మిల్లీమీటర్లు చూపించింది, దాని జతలోవి 11 దగ్గర ఉన్నాయి. జట్టులో నలుగురు. మిగిలిన ముగ్గురూ దాన్ని వదిలేసి సగటు తీద్దామన్నారు, బీటెక్ ప్రాజెక్టుల్లో అది మామూలే. ఈమె ఒప్పుకోలేదు. ప్రయోగశాల రిజిస్టరు తీసి తేదీలు సరిచూసింది. వేరే జట్టుకు తొట్టిలో చోటు కావలసి వచ్చి, ఆ ఒక్క సిలిండర్‌ను తొమ్మిదో రోజునే బయట పెట్టినట్టు తేలింది. స్లాగ్ కలిసిన కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది, దానికి ఎక్కువ రోజులు తడి కావాలి. తడి చాలకపోతే లోపలి రంధ్రాలు మూసుకోవు, ఉప్పు దిగిపోతుంది. ఆమె ఆ అంకెను నివేదికలో విడిగా చూపించి, సైటు మీద నీళ్ళు పట్టడం మధ్యలో ఆపేస్తే స్లాగ్ వల్ల వచ్చే మేలు పోతుందేమోనని, ఒక్క నమూనాతో గట్టిగా చెప్పలేమని ఒక పేజీ రాసింది.

నా లేఖలో సగానికి పైగా ఆ ఒక్క పేజీ గురించే రాశాను. సొంతంగా ఆలోచించే శక్తి అన్న గడిలో మొదటి 5 శాతం అని ధైర్యంగా గుర్తు పెట్టగలిగాను, ఎందుకంటే నేను గైడ్ చేసిన విద్యార్థుల్లో పొసగని అంకెను పారేయకుండా దాని కారణం వెతికినవాళ్ళు చాలా తక్కువ. ఆశ్చర్యమేమిటంటే, ఆమె మొదటి మెయిల్‌లో ఈ ప్రాజెక్టు పేరు కూడా లేదు. తన దృష్టిలో అది ఘనత కాదు, ఒక సిలిండర్ చెడిపోయిన సంగతి.

కాబట్టి మీరు ఉత్తరం రాసే ముందు ప్రాజెక్టు నివేదిక, నోటు పుస్తకం, అప్పటి వాట్సాప్ సందేశాలు ముందు పెట్టుకుని కూర్చోండి. ఎక్కడ పని ఆగిపోయింది, అప్పుడు మీరేం చేశారు, అది మాస్టారికి ఎలా తెలిసింది అని చూసుకోండి. ఈ మూడో ప్రశ్నకు జవాబు లేనిది ఎంత గొప్పదైనా ఆయన ఉత్తరంలో పనికిరాదు. ఆయన గదికి వెళ్ళి అడిగిన ఒక సందేహం, ఆయన తిప్పి పంపిన ఒక అధ్యాయం, వైవాలో మీరు చెప్పిన ఒక జవాబు, ఆయన సెలవులో ఉంటే మీరు జూనియర్లకు చేయించిన ఒక ల్యాబ్ క్లాసు, ఇటువంటివి రెండు దొరికితే చాలు. మూడు ఉంటే ఎక్కువ. ఏడెనిమిది రాస్తే మళ్ళీ అది రెజ్యూమె అయిపోతుంది, ఏది వాడుకోవాలో ఆయనకు తోచదు.

జట్టుగా చేసిన పనిలో మీ వంతు ఎంతో స్పష్టంగా విడదీసి చెప్పండి. మేము చేశాము అని రాస్తే మాస్టారు ఎవరి గురించి రాయాలి? అదే జట్టులోని మరొకరు కూడా ఆయననే అడిగి ఉండవచ్చు. పోతపోసింది అందరం, కొలతలు తీసి పట్టిక వేసింది నేను, మూడో అధ్యాయం నాది, బొమ్మలు ఫలానా స్నేహితుడివి అని చెప్పడం వల్ల మీ విలువ తగ్గదు, ఆయనకు మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది. అంకెలు కూడా పెంచకండి. ఆయన దగ్గర నివేదిక ప్రతి ఉండే అవకాశం ఉంది.

మార్కుల విషయంలో సీజీపీఏ ఒక్కటే ఇవ్వకుండా, మీకు ఖచ్చితంగా తెలిస్తే, తరగతిలో ఎంతమందిలో ఎన్నో స్థానమో రాయండి. పోల్చి చెప్పమని అడిగే ఫారానికి ఆ అంకె ఉపయోగపడుతుంది. ఆయన చెప్పిన సబ్జెక్టులో మీ గ్రేడు విడిగా చెప్పండి. బహుమతులు, వర్క్‌షాపులు, ఎన్ఎస్ఎస్ వంటివన్నీ జత చేసిన రెజ్యూమెలో ఉన్నాయని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి.

మార్కుల జాబితాలో మచ్చ ఏదైనా ఉంటే, అంటే ఒక సబ్జెక్టు తప్పడమో, ఒక సెమిస్టరు బాగా పడిపోవడమో జరిగి ఉంటే, దాన్ని దాచకుండా కారణంతో సహా చెప్పండి. దరఖాస్తు చదివేవారికి అది ఎలాగూ కనిపిస్తుంది. మాస్టారికి ముందే తెలిస్తే, తన అనుభవంలో ఆ విద్యార్థి శక్తి ఆ మార్కుల్లో కనిపించినదానికన్నా ఎక్కువని రెండు మాటలు రాయగలుగుతారు. తెలియకుండా ఆయన చదువంతటా అగ్రశ్రేణి అని రాసేస్తే, ఆ లేఖ మొత్తం మీద అనుమానం వస్తుంది.

ఆ అమ్మాయి నన్ను కలిసి వెళ్ళిన తరువాత, నేను అడిగినట్టుగా వివరాలన్నీ పెట్టి మళ్ళీ ఉత్తరం రాసింది. అది అప్పటినుంచీ నేను విద్యార్థులకు చూపిస్తున్న నమూనా. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఆమె అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను.

విషయం: ఎంఎస్ దరఖాస్తుకు సిఫారసు లేఖ కోసం అభ్యర్థన, 2013–17 సివిల్ బ్యాచ్, మొదటి గడువు డిసెంబరు 15

గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు.

నేను 2013–17 సివిల్ బ్యాచ్, బి సెక్షన్ విద్యార్థినిని (పేరు, రిజిస్టరు నంబరు). మీరు మాకు మూడో సంవత్సరంలో కాంక్రీట్ టెక్నాలజీ చెప్పారు. 2016 నవంబరు నుంచి 2017 ఏప్రిల్ వరకు, స్లాగ్ కలిపిన కాంక్రీటులోకి సముద్రపు ఉప్పు దిగే లోతు అన్న మా ప్రాజెక్టుకు మీరే గైడ్. మా నలుగురి బృందం ఫోటో జత చేశాను, ఎడమ నుంచి రెండో వ్యక్తిని నేను.

తీరప్రాంత కట్టడాల మన్నిక మీద ఎంఎస్ చేయడానికి అమెరికాలో నాలుగు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెడుతున్నాను. ప్రాజెక్టు కాలంలో నా పనిని దగ్గరనుంచి చూసినవారు మీరే కాబట్టి, నాకు సిఫారసు లేఖ రాయగలరా అని అడుగుతున్నాను.

మీకు గుర్తు తెచ్చుకోవడానికి వీలుగా రెండు సంగతులు రాస్తున్నాను. స్లాగ్ సిలిండర్లలో ఒకటి 19 మిల్లీమీటర్లు చూపినప్పుడు, దాన్ని సగటులో కలపాలా వద్దా అని అడగడానికి మీ గదికి వచ్చాను. కారణం తెలియకుండా ఏ అంకెనూ తీసేయవద్దని మీరన్నారు. రిజిస్టరు చూసి, దాన్ని తొమ్మిదో రోజునే తొట్టిలోంచి తీసినట్టు కనుగొన్నాను. నివేదికలో 41వ పేజీలో ఉన్న ఆ వివరణ నేను రాసినదే, ఆ పేజీ జత చేశాను. పోత, తడపడం నలుగురం చేశాము, సిల్వర్ నైట్రేట్ కొలతలు, వాటి పట్టికలు నా వంతు. రెండోది, వైవాలో బయటి పరీక్షకులు ఉప్పు లోతు రంగు గీతకు, కడ్డీ తుప్పు పట్టడానికి సంబంధం అడిగినప్పుడు, ఆ గీత తుప్పు మొదలైందని చెప్పదు, ఉప్పు అక్కడిదాకా చేరిందని మాత్రమే చెబుతుంది అని జవాబిచ్చాను. మీరు అప్పుడు అక్కడే ఉన్నారు.

కాంక్రీట్ టెక్నాలజీలో నాకు 'A' గ్రేడు వచ్చింది. రెండో సంవత్సరం రెండో సెమిస్టరులో నాన్నగారి ఆపరేషన్ కారణంగా స్ట్రక్చరల్ అనాలిసిస్ తప్పి, తరువాతి సెమిస్టరులో రాసి ఉత్తీర్ణురాలినయ్యాను. గత రెండేళ్ళుగా తీరప్రాంత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను, తుప్పు పట్టిన స్తంభాలను రోజూ చూడడం వల్లే ఈ చదువు మీద కోరిక కలిగింది.

మీకు తీరిక లేకపోయినా, నా గురించి తగినంతగా రాయడానికి వీలుపడదని అనిపించినా, దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి. గడువుకు ఇంకా సమయం ఉంది, నేను మరొకరిని అడుగుతాను. మీరు అంగీకరించిన తరువాతే మీ ఈమెయిల్‌ను దరఖాస్తులో నమోదు చేస్తాను. ఏ చిరునామా ఇవ్వమంటారో, మీ ప్రస్తుత హోదా ఎలా రాయమంటారో చెప్పగలరు.

జత: రెజ్యూమె, మార్కుల జాబితా, ఎస్ఓపీ ముసాయిదా, నివేదికలో మూడు పేజీలు, విశ్వవిద్యాలయాల పేర్లు, గడువులు ఉన్న ఒక పట్టిక.

మీ విద్యార్థిని

ఈ ఉత్తరంలో రెండు చోట్లు గమనించండి. మొదటిది ఫోటో. తెరమీద పేరుకు ముఖం జతపడితే మిగతా జ్ఞాపకాలు వాటంతట అవే వస్తాయి, మీ బ్యాచ్‌కైతే ఇది ఇంకా అవసరం. రెండోది, కాదనడానికి ఇచ్చిన దారి. మన దగ్గర మాస్టార్లు విద్యార్థిని నిరాశపరచడానికి ఇష్టపడరు, అడిగితే సరేనంటారు, తరువాత రాయడానికి ఏమీ లేక నాలుగు పొడి వాక్యాలు పంపుతారు. అటువంటి లేఖ మీకు మేలు చేయకపోగా చెరుపు చేస్తుంది, ఎందుకంటే గైడ్‌కే చెప్పడానికి ఏమీ లేదన్నమాట అని చదివేవారు అనుకుంటారు. ఆయన ఒకవేళ కాస్త తటపటాయించినట్టు జవాబిస్తే ఒత్తిడి చేయకండి, మిమ్మల్ని బాగా ఎరిగిన మరొక మాస్టారిని, చిన్న హోదాలో ఉన్నా సరే, అడగండి. మిమ్మల్ని ఎరగని ప్రిన్సిపల్ లేఖ కన్నా ల్యాబ్‌లో రోజూ చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖ నయం.

ఆయన నువ్వే ఒకటి రాసి తీసుకురా, సంతకం పెడతాను అనే అవకాశం కూడా ఉంది. మన కళాశాలల్లో ఇది అలవాటుగా మారింది, నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అలా సంతకం పెట్టాను. అదే విశ్వవిద్యాలయానికి వెళ్ళిన మరొక విద్యార్థి లేఖలోనూ అవే రెండు పేరాలు ఉన్నాయని అక్కడినుంచి నాకు ప్రశ్న వచ్చింది. ఇద్దరూ ఒకే నమూనాను చూసి రాసుకున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ విద్యార్థికి సీటూ రాలేదు. లేఖ తానే రాశానని రాసేవారు ధ్రువీకరించాలని అడిగే ఫారాలు ఉన్నాయి, కాబట్టి మీరు రాసినది ఆయన పేరుతో వెళితే ఇద్దరూ ఇబ్బందిలో పడతారు. అప్పుడు మీరు, లేఖ మీరే రాస్తే బాగుంటుంది మాస్టారూ, మీకు శ్రమ లేకుండా వివరాలన్నీ ఒక కాగితం మీద పెట్టి ఇస్తాను అని చెప్పండి. పైన ఇచ్చిన ఉత్తరం రాసి ఉంటే ఆ కాగితం మీ దగ్గర అప్పటికే ఉన్నట్టు. చాలామంది మాస్టార్లకు కావలసింది కూడా అదే, వాళ్ళు అడిగేది ముసాయిదా అయినా వాళ్ళకు లేనిది సమాచారం.

ఇక గడువు సంగతి. డిసెంబరు 15 అంటే ఆరు వారాల ముందు, అంటే నవంబరు మొదటి వారం లోపల ఉత్తరం చేరాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో సెమిస్టరు పరీక్షలు, పేపర్లు దిద్దడం ఉంటాయి కాబట్టి ఆయనకు నిజంగా దొరికేది రెండు మూడు ఆదివారాలే. గడువు గంటను కూడా మన కాలమానంలోకి మార్చి రాయండి. న్యూయార్క్ వైపు విశ్వవిద్యాలయం డిసెంబరు 15 రాత్రి 11:59 అంటే మనకు 16వ తేదీ ఉదయం 10:29. అయినా ఆయనకు ఇచ్చే పట్టికలో డిసెంబరు 10 అని ఒక వరుస కలపండి, అది మీ సొంత కోరికగా, అసలు గడువు పక్కనే చూపిస్తూ. అసలు గడువును దాచి తప్పు తేదీ చెప్పవద్దు.

ఆయన ఈమెయిల్ నమోదు చేసిన రోజే ఆయనకు ఒక సందేశం పంపి, లింకు వచ్చిందో లేదో, స్పామ్‌లో పడిందేమో చూడమనండి. నేను ఎరిగినంతలో ఆలస్యాల్లో ఎక్కువ భాగం దీనివల్లే. కళాశాల ఇచ్చిన ఈమెయిల్ ఉంటే అదే వాడమని అడగండి, మామూలు జీమెయిల్ చిరునామాను కొన్ని విశ్వవిద్యాలయాలు అనుమానంగా చూస్తాయి. ఆయన పదవీ విరమణ చేసి కళాశాల మెయిల్ లేకపోతే, ఆ సంగతి విశ్వవిద్యాలయ ప్రవేశాల కార్యాలయానికి మీరే ముందుగా రాసి ఏం చేయాలో అడగండి. నమోదు చేసేటప్పుడు, ఈ లేఖను తరువాత చూసే హక్కును వదులుకుంటారా అని ఒక ప్రశ్న వస్తుంది. అమెరికాలో 1974లో వచ్చిన చట్టం ప్రకారం, అక్కడ చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఉంది, అందుకే ఆ ప్రశ్న. వదులుకుంటున్నానని గుర్తు పెట్టడమే మంచిది. మీరు ఏది ఎంచుకున్నారో మాస్టారికీ, లేఖ చదివేవారికీ తెలుస్తుంది, చూడనని చెప్పినప్పుడే ఆ లేఖను నిస్సంకోచంగా రాసినదిగా తీసుకుంటారు.

తెలుగులో రాయవచ్చా అని అడిగారు. ప్రాజెక్టు నాళ్ళలో ఆయనతో తెలుగులో మాట్లాడి ఉంటే ఉత్తరం తెలుగులోనే రాయండి, జరిగినది జరిగినట్టు చెప్పడం మీకూ సులువు, గుర్తు తెచ్చుకోవడం ఆయనకూ సులువు. అయితే ఆయన లేఖను ఇంగ్లీషులో రాయాలి కాబట్టి, ప్రాజెక్టు పేరు, కోర్సు పేర్లు, విశ్వవిద్యాలయాల పేర్లు, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా మీ పూర్తి పేరు జత చేసిన పట్టికలో ఇంగ్లీషులో సరైన అక్షరాలతో ఇవ్వండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండి దరఖాస్తులో వెనక ఉంటే, రెండూ చూపించండి. అబ్బాయా అమ్మాయా అన్నది కొన్ని పేర్లను బట్టి తెలియదు, లేఖలో తప్పు రాకుండా అదీ చెప్పండి.

ఉత్తరం పంపిన పది రోజులకు జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి, సాయంత్రం ఐదు తరువాత. ఇంకొక వారం చూసి కూడా స్పష్టమైన మాట రాకపోతే రెండో మాస్టారికి ఉత్తరం రాయండి. ఆయన ఒప్పుకున్నాక మాత్రం రెండే రెండు సార్లు గుర్తు చేయండి, మీరు కోరిన తేదీకి వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి. ఆ సందేశంలో నా లేఖ అయిందా మాస్టారూ అని అడగకుండా, ఏయే విశ్వవిద్యాలయాలకు లేఖ చేరినట్టు దరఖాస్తు పేజీలో కనిపిస్తోందో, ఏవి మిగిలాయో చెప్పండి. ఉదాహరణకు: నమస్కారం మాస్టారూ, నాలుగింటిలో రెండు అందినట్టు చూపిస్తోంది, మిగిలిన రెండింటి లింకులు నవంబరు 20న మీ కళాశాల మెయిల్‌కు వచ్చాయి, దొరకకపోతే మళ్ళీ పంపిస్తాను. ఒక్కొక్కసారి రాసేవారు పంపేశామనుకుంటారు, ఆఖరి బటన్ నొక్కడం మరిచిపోతారు. అది ఆయన వైపు కనిపించదు, మీ పేజీలోనే కనిపిస్తుంది.